115 రూపాయలు తక్కువై 1,040 వదిలింది: బీఎన్‌పీఎల్ వాయిదా బౌన్స్ అయితే ఏ రోజు ఏం చేయాలి

మా మేనల్లుడు భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పని చేస్తాడు. జీతం ప్రతి నెలా ఏడో తారీఖు సాయంత్రం పడుతుంది. పోయినేడాది ఒక ఫోను కొన్నాడు, 17,994 రూపాయలు. షాపు కుర్రాడు "ఇప్పుడేం కట్టక్కర్లేదండీ, ఆరు నెలలు నెలకి 2,999 చొప్పున అకౌంట్లోంచి అదే కట్ అయిపోద్ది, వడ్డీ లేదు" అన్నాడు. ఇలా ఇప్పుడు కొనుక్కుని తర్వాత వాయిదాల్లో కట్టే పద్ధతినే బీఎన్‌పీఎల్ అంటారు. ఫోను పట్టుకుని వచ్చేశాడు. వాయిదా తేదీ ఐదు అని ఆ రోజు వాడు చూసుకోలేదు.

రెండు వాయిదాలు బాగానే వెళ్లాయి. మూడో నెల నాలుగో తారీఖు సాయంత్రం ఖాతాలో 3,120 ఉంది. సరిపోతుందిలే అని పడుకున్నాడు. ఆ రాత్రి బ్యాంకు డెబిట్ కార్డు ఏడాది ఛార్జీ కింద 236 లాగేసుకుంది. మిగిలింది 2,884. పొద్దున్నే 2,999 అడిగితే 115 తక్కువ, వాయిదా వెనక్కిపోయింది. ఆ నెల అయ్యేసరికి వాడికి వదిలిన అదనపు సొమ్ము 1,040. అది కూడా పెద్ద నష్టం కాదు. సంక్రాంతికి బండి లోను పెట్టుకుందామని ఉన్నవాడి క్రెడిట్ రిపోర్టులో పది రోజుల ఆలస్యం ఎక్కింది.

నేను పాలకొల్లులో బ్యాంక్ మిత్ర కేంద్రం నడుపుతాను. ఫోన్లో మెసేజ్ చూపించి "ఇదేంటండీ" అని అడిగేవాళ్లు వారానికి నలుగురైనా వస్తారు. అందుకే వాడి కేసునే ముందు పెట్టుకుని, ఏ రోజు ఏం చేయాలో చెబుతాను.

ముందు, ఆ డబ్బు ఎలా లాగుతారో

షాపులో కనబడే యాప్ వేరు, అప్పు ఇచ్చే సంస్థ వేరు. యాప్ మధ్యవర్తి. అప్పు ఇచ్చేది ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని రుణ సంస్థ గానీ, బ్యాంకు గానీ. ఫోను కొన్నప్పుడు మనం ఓటీపీ కొట్టి ఒప్పుకున్నది "ఫలానా తేదీన నా ఖాతాలోంచి తీసుకోండి" అన్న అనుమతి. దాన్నే మ్యాండేట్ అంటారు. ఇది రెండు రకాలు. ఒకటి నాచ్, అంటే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థే నడిపే క్లియరింగ్. మనవాళ్లు ఇప్పటికీ పాత అలవాటుగా ఈసీఎస్ అంటారు. రెండోది యూపీఐ ఆటోపే.

నాచ్‌లో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. సగం తీసుకోవడం అనేది ఉండదు. 2,999కి 2,884 ఉంటే ఆ 2,884 ముట్టుకోకుండా మొత్తాన్ని వెనక్కి పంపుతారు. రెండోది, 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ అన్ని రోజులూ నడుస్తుంది. ఆదివారం, పండగ రోజు అని ఆగదు. "రేపు బ్యాంకు సెలవు కదా, సోమవారం వేస్తాను" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మూడోది, వాయిదాల ఫైలు బ్యాంకుకు పొద్దున్నే చేరిపోవచ్చు. పదకొండు గంటలకు వేసిన డబ్బు అందినా అందొచ్చు, అందకపోనూ వచ్చు. ముందు రోజు సాయంత్రానికి ఖాతాలో ఉంటేనే ఉన్నట్టు.

యూపీఐ ఆటోపే కొంచెం మెతక. డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది. 2025 ఆగస్టు నుంచి రద్దీ లేని వేళల్లోనే తీయాలని, ఒకసారి పోతే మరో మూడుసార్లు మాత్రమే ప్రయత్నించాలని ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. మీది ఏ రకమో తెలియకపోతే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరవండి. అక్కడ ఆ కంపెనీ కనబడితే ఆటోపే. కనబడకపోతే చాలామటుకు నాచే.

మొదటి అడుగు: ఎందుకు వెనక్కిపోయిందో తేల్చండి

మెసేజ్‌లు రెండు వస్తాయి, ఒకటి బ్యాంకు నుంచి, ఒకటి అప్పు ఇచ్చినవాళ్ల నుంచి. అప్పు ఇచ్చినవాళ్ల మెసేజ్ "మీ వాయిదా విఫలమైంది, వెంటనే కట్టండి, ఇదిగో లింకు" అని ఉంటుంది. ఆ లింకు నొక్కకండి. ఇలాంటి మెసేజ్‌ల రూపంలో దొంగ లింకులు బోలెడు తిరుగుతున్నాయి. ఎప్పుడు కట్టినా యాప్ తెరిచి, లోపలికి వెళ్లి కట్టండి.

అసలు కారణం బ్యాంకు స్టేట్‌మెంటులోనే దొరుకుతుంది. పాస్‌బుక్ ప్రింట్ వేయించినా చాలు. డబ్బు చాలక పోయిందా, ఖాతా కేవైసీ పెండింగ్‌లో పడి స్తంభించిందా, మ్యాండేట్ రద్దయిందా, లేక అడిగిన మొత్తం మ్యాండేట్ పరిమితి దాటిందా అన్నది చూడాలి. ఇవన్నీ బయటికి ఒకేలా కనబడతాయి గానీ మందులు వేరు. డబ్బు చాలకపోతే డబ్బు వేస్తే సరి. కేవైసీ వల్ల ఆగిపోతే ఖాతాలో లక్ష ఉన్నా వచ్చే నెల కూడా వెనక్కిపోతుంది. ఆధార్, పాన్ పట్టుకుని బ్రాంచికి వెళ్లాల్సిందే. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఖాతాలకు ఈ కేవైసీ గొడవ కోనసీమ వైపు ఎక్కువ చూస్తుంటాను. ఇంట్లో వాళ్లు డబ్బు వేస్తూనే ఉంటారు, వాయిదా వెనక్కిపోతూనే ఉంటుంది.

డబ్బు ఉండీ, ఖాతా బాగుండీ, బ్యాంకు వైపు సాంకేతిక లోపంతో పోయిన సందర్భాలూ ఉంటాయి. అలాంటప్పుడు ఆ రోజు నిల్వ కనబడేలా స్టేట్‌మెంటు పీడీఎఫ్ తీసి దాచండి. ఆలస్య రుసుము వెనక్కి అడగడానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

రెండో అడుగు: అదే రోజు కట్టేయండి, కానీ ఎంతో అడిగి కట్టండి

ఇక్కడే మా వాడు తప్పటడుగు వేశాడు.

ముందు వీలున్నవాళ్ల సంగతి. వాయిదా తేదీనాడే పొద్దున బౌన్స్ అయితే ఆ రోజు రాత్రిలోగా యాప్‌లో కట్టేస్తే బాకీ ఒక్క రోజు కూడా మీరినట్టు కాదు. అప్పు సంస్థలు రోజు చివర లెక్కలు మూసే ప్రక్రియ నడుపుతాయి. దాన్నే డే-ఎండ్ అంటారు. ఆ వేళకి బాకీ ఉంటేనే ఆ తేదీ నుంచి గడువు మీరినట్టు లెక్క పెట్టాలని 2021 నవంబరులో ఆర్‌బీఐ వివరణ ఇచ్చింది. బౌన్స్ ఛార్జీ తప్పకపోవచ్చు గానీ రిపోర్టులో మచ్చ తప్పుతుంది. సాయంత్రం ఆరు లోపు కట్టడం మేలు. రాత్రి పదకొండున్నరకి కడితే ఆ రోజు లెక్కలోకి వస్తుందో రాదో.

మా వాడి దగ్గర ఆ రోజు డబ్బు లేదు. ఉన్నది 2,884, అందులోంచి బ్యాంకు రిటర్న్ ఛార్జీ కింద 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45, కలిపి 295 తీసుకుంది. మిగిలింది 2,589. ఏడో తారీఖు పొద్దున అప్పు సంస్థ మళ్లీ పంపింది. జీతం పడేది సాయంత్రం. మళ్లీ వెనక్కి, మళ్లీ 295. సాయంత్రం జీతం 14,000 పడగానే మనవాడు యాప్ తెరిచి ఠంచనుగా 2,999 కట్టాడు. "అయిపోయింది మావయ్యా" అన్నాడు.

అవలేదు. ఆ సంస్థ ఒప్పందంలో వచ్చిన డబ్బు ముందు ఛార్జీలకి, ఆ తర్వాతే వాయిదాకి జమ అని ఉంది. ఆలస్య రుసుము 450 ముందు పోయింది. మిగిలిన 2,549 వాయిదాకి పడింది. అంటే వాయిదాలో 450 ఇంకా బాకీ. ఆ బాకీ వయసు ఐదో తారీఖు నుంచే లెక్క. మా వాడి దృష్టిలో వాయిదా కట్టేశాడు. సంస్థ లెక్కలో ఓవర్‌డ్యూ నడుస్తూనే ఉంది. ఇలా చిల్లర మిగిలిపోవడమే బీఎన్‌పీఎల్‌లో అసలు ఉచ్చు అని నా అనుభవం. పెద్ద బాకీ ఎవరూ మర్చిపోరు.

అందుకని కట్టే ముందు యాప్‌లో వాయిదా మొత్తం కాకుండా "ఈ రోజుకి మొత్తం ఎంత కట్టాలి" అన్నది చూడండి. సాధారణంగా `Total due` లేదా `Overdue amount` అని ఉంటుంది. కట్టాక మళ్లీ అదే చోట చూసి సున్నా అయిందో లేదో గమనించండి. సున్నా కనబడిన తెరను స్క్రీన్‌షాట్ తీసుకోండి. రసీదులో లావాదేవీ నంబరు ఉండాలి.

ఇంకో జాగ్రత్త. సంస్థ రెండోసారి ఏ రోజు పంపుతుందో కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. రేపు పొద్దున పంపుతామంటే, ఫైలు అప్పటికే వెళ్లిపోయి ఉంటే, ఈ రాత్రి మీరు యాప్‌లో కట్టినా పొద్దున ఖాతాలోంచి కూడా పోతుంది. రెండుసార్లు పోయిన డబ్బు తిరిగొస్తుంది గానీ ఐదారు రోజులు తిప్పుతారు. ఆ లోపు కరెంటు బిల్లు ఆటోపే పోయిందంటే గొలుసు మొదలైనట్టే. మా వాడికి ఆ బాధ లేదు, ఏడో తారీఖు రెండో ప్రయత్నం పొద్దున్నే విఫలమైపోయింది కాబట్టి సాయంత్రం కట్టడం సురక్షితమే. కట్టిన మొత్తమే తక్కువ.

మూడో అడుగు: ఛార్జీలను విడదీసి చూడండి

బౌన్స్‌కి రెండు వైపులా కోత పడుతుంది. మీ బ్యాంకు రిటర్న్ ఛార్జీ తీసుకుంటుంది. ఇది ఎన్నిసార్లు వెనక్కిపోతే అన్నిసార్లు. చాలా బ్యాంకుల్లో ఇది 250 నుంచి 500 మధ్య, పైన జీఎస్టీ. ఖాతాలో అంత లేకపోతే బాకీగా రాసి పెట్టుకుని, తర్వాత డబ్బు పడగానే ముందు అది తీసుకుంటుంది. ధాన్యం డబ్బో కొబ్బరి దింపు డబ్బో పడిందని ఎస్సెమ్మెస్ చూసుకుని, అంతా ఉందనుకుని, తర్వాతి వాయిదాకి మళ్లీ తక్కువ పడేది ఇందుకే. పాత ఛార్జీ బాకీ ఏమైనా ఉందా అని బ్రాంచిలో అడిగి, ఆ మేరకు ఎక్కువ వేయాలి.

రెండో కోత అప్పు సంస్థది. ఇది ఎంత ఉండాలో మీరు అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో రాసి ఉండాలి. వ్యక్తులు ఇలా వాయిదాల మీద తీసుకునే అప్పులన్నింటికీ ఆ కాగితం ఇవ్వడం 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. షాపులో కాగితం చేతికి ఇవ్వరు. మెయిల్‌కో, యాప్‌లో డాక్యుమెంట్ల విభాగంలోకో వస్తుంది. అందులో ఏడాది వడ్డీ, వాయిదాల పట్టిక, ఆలస్య రుసుము, ఫిర్యాదు అధికారి వివరాలు ఉంటాయి. అప్పు ఇచ్చిన సంస్థ అసలు పేరూ అందులోనే ఉంటుంది.

ఆలస్య రుసుము మీద ఆర్‌బీఐ 2023 ఆగస్టు 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పులకు అమలు. దాని సారం ఇది: తప్పిన వాయిదాకి అపరాధ రుసుము వేయొచ్చు గానీ అపరాధ వడ్డీ వేయకూడదు. ఆ రుసుము మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. తప్పుకు తగ్గట్టు సమంజసంగా ఉండాలి, ముందే చెప్పి ఉండాలి. క్రెడిట్ కార్డులకు ఇది వర్తించదు. ఇక పన్ను సంగతి. అపరాధ రుసుము మీద జీఎస్టీ వర్తించదని 2025 జనవరిలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. మీ స్టేట్‌మెంటులో అపరాధ రుసుము పక్కన 18 శాతం కనబడితే ఎందుకని అడగండి.

మా వాడి లెక్క: బ్యాంకు 295 రెండుసార్లు 590, సంస్థ 450, మొత్తం 1,040. స్టేట్‌మెంటులో 450 ఒక్కసారే వేశారని, అది ఒప్పంద పత్రంలో ఉన్నదే అని చూశాం. దాని మీద కొట్లాడే పని లేదు. బ్యాంకు దగ్గర మాత్రం ఒక కాగితం రాసిచ్చాం: రెండు రోజుల తేడాలో రెండు రిటర్న్‌లు, జీతం అదే రోజు పడింది, అంతకుముందు ఎప్పుడూ బౌన్స్ లేదు అని. మేనేజరు గారు రెండో 295 వెనక్కి వేశారు. ఇది హక్కు కాదు, ఆయన దయ. అడిగితేనే వచ్చే దయ.

నాలుగో అడుగు: పదిహేను, నెలాఖరు

క్రెడిట్ స్కోరు గురించి భయపెట్టే మాటలు చాలా వింటుంటాం. అసలు యంత్రం ఇలా నడుస్తుంది. మన దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. అప్పు ఇచ్చినవాళ్లు వీళ్లకి మన ఖాతా స్థితిని పంపుతారు. ఇది ఒకప్పుడు నెలకోసారి ఉండేది. 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి. నెల 15న ఖాతా ఎలా ఉందో ఒకటి, నెలాఖరున ఎలా ఉందో మరొకటి.

దీన్నిబట్టి మీకో గడువు దొరుకుతుంది. వాయిదా తేదీ ఐదు అయితే, 15 రాకముందే పైసాతో సహా సున్నా చేసేయాలి. ఆ రోజున ఖాతాలో బాకీ కనబడకపోతే ఆలస్యం ఉన్నట్టు వెళ్లడానికి ఆస్కారం తక్కువ. మా వాడి 450 మిగిలిపోయింది. 16వ తారీఖున "మీ ఖాతా గడువు మీరినట్టు క్రెడిట్ సంస్థలకు తెలియజేశాం" అని మెసేజ్ వచ్చాకే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఈ మెసేజ్ పంపడం కూడా ఆర్‌బీఐ నియమమే. దాన్ని బెదిరింపు మెసేజ్ అనుకుని తీసేయకండి, తేదీ చూసి దాచుకోండి. ఆ సాయంత్రమే 450 కట్టించాను. అప్పటికే పది రోజుల ఆలస్యం వెళ్లిపోయింది.

రిపోర్టులో దీన్ని డీపీడీ అంటారు, గడువు మీరిన రోజుల సంఖ్య. నెలకొక గడి ఉంటుంది. ఆలస్యం లేకపోతే `000` అనో `STD` అనో ఉంటుంది. ఆలస్యం ఉంటే ఆ రోజుల సంఖ్య. సిబిల్ రిపోర్టులో 36 నెలల గడులు కనబడతాయి. పది రోజులకి స్కోరు ఎన్ని పాయింట్లు పడుతుందని అందరూ అడుగుతారు. దానికి ఒక్క జవాబు లేదు. పదేళ్లుగా అప్పులు కట్టినవాడికి ఒక గడి మచ్చ పెద్దగా కాదు. మా వాడిలా మొదటి అప్పే ఇదైతే, ఉన్న మూడు గడుల్లో ఒకటి చెడినట్టు. అదే తేడా. ఇంకా, బాకీ 450 అయినా 45,000 అయినా గడిలో పడేది రోజుల సంఖ్యే.

ఆ చిల్లర అలాగే వదిలేస్తే ఎక్కడికి పోతుందో కూడా తెలియాలి. 30 రోజుల దాకా ఒక మెట్టు, 60 దాకా రెండోది, 90 దాకా మూడోది. 90 దాటితే మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ. మొండి బాకీ అన్నది అప్పుకి కాదు, మనిషికి పడే ముద్ర. అదే సంస్థలో మీకు బండి లోను కూడా ఉండి, దాన్ని నెలనెలా కడుతున్నా సరే, ఫోను తాలూకు చిల్లరతో రెండూ మొండి బాకీ అయిపోతాయి. ముద్ర పోవాలంటే పాత బాకీలన్నీ పూర్తిగా కట్టాలి. సగం కడితే పోదు.

ఐదో అడుగు: రిపోర్టు తీసి చూడండి

బాకీ తీర్చిన నెలా నెలన్నర తర్వాత రిపోర్టు తీయండి. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత వెబ్‌సైట్‌కే వెళ్లండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. రిపోర్టులో యాప్ పేరు వెతికితే దొరకదు. ఎన్‌బీఎఫ్‌సీ పేరుతో, వినియోగ వస్తువుల రుణం అనో వ్యక్తిగత రుణం అనో ఉంటుంది. ఒకే యాప్‌లో మూడు కొనుగోళ్లు చేస్తే మూడు అప్పులుగా కనబడొచ్చు.

చూడాల్సినవి: ప్రస్తుత బాకీ, గడువు మీరిన మొత్తం సున్నా అయ్యాయా, ఆ నెల గడిలో ఉన్న రోజుల సంఖ్య మీ రసీదు తేదీలతో సరిపోతుందా. మా వాడి గడి నిజమే చెబుతోంది కాబట్టి దాన్ని తీయించలేం. "డబ్బిస్తే సిబిల్ బాగు చేస్తాం" అనే ఏజెంట్లు మన ఊళ్లలో కూడా తయారయ్యారు. నిజమైన ఆలస్యాన్ని ఎవరూ చెరపలేరు. తర్వాతి గడులు `000` అవుతూ పోతే పాతది బలం తగ్గుతుంది.

తప్పు ఉంటే మాత్రం వదలకండి. వాయిదా తేదీనే కట్టిన రసీదు ఉండి గడిలో 10 అని ఉంటే, క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి, అప్పు సంస్థకూ అదే రోజు మెయిల్ చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నియమం. అందుకే ఫిర్యాదు పెట్టిన తేదీ, నంబరు రాసుకోవాలి.

ఇంకొకటి. బాకీ పెరిగిపోయాక వసూలువాళ్లు "ఇంత కట్టేయండి, సెటిల్ చేసేస్తాం" అంటారు. చిన్న అప్పుకి ఒప్పుకోవద్దు. రిపోర్టులో `Settled` అని పడితే, పూర్తిగా కట్టలేదని అర్థం. బండి లోను ఇచ్చే వాళ్లు మొదట చూసేది ఆ మాటే. నాలుగు వందలు మిగిలించుకోబోయి అది కొనుక్కోవద్దు.

ఆరో అడుగు: వచ్చే నెల మళ్లీ జరగకుండా

వాయిదా తేదీ ఐదు, జీతం ఏడు. ఈ రెండు రోజుల తేడా ఉన్నంతకాలం ప్రతి నెలా కత్తి మీద సామే. తేదీ మార్చమని సంస్థకి మెయిల్ పెట్టాం, కుదరదన్నారు. చిన్న అప్పులకి చాలామంది ఒప్పుకోరు. అయినా అడగడం తప్పు కాదు. అప్పుడు వేరే దారి పట్టాం. వాడికి సున్నా నిల్వ ఖాతా ఒకటి వేరే బ్యాంకులో ఉంది. యాప్‌లో ఖాతా మార్చి కొత్త మ్యాండేట్ ఆ ఖాతాకి కట్టించాం. జీతం పడ్డ రోజే వచ్చే నెల వాయిదా తీసి అందులో వేసేస్తాడు. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు లేదు, వేరే ఆటోపే లేదు, కాబట్టి మధ్యలో కోత పడే భయం లేదు. రొయ్యల పట్టుబడి మీద, కొబ్బరి దింపు మీద ఆధారపడే వాళ్లకి నెల జీతం కూడా ఉండదు. వాళ్లయితే డబ్బు చేతికొచ్చినప్పుడే రెండు మూడు వాయిదాలు ఇలా పక్కన వేసేయడం మంచిది.

ఖాతా మార్చినప్పుడు కొత్త మ్యాండేట్ నమోదైందని యాప్‌లో కనబడేదాకా పాత ఖాతాలో కూడా డబ్బు ఉంచండి. నమోదుకి కొన్ని రోజులు పట్టొచ్చు. ఆ నెల వాయిదా పాత ఖాతాకే రావచ్చు.

మ్యాండేట్ మీద రాసిన గరిష్ఠ మొత్తం కూడా చూసుకోండి. వాయిదా 2,999 అయినా మ్యాండేట్ పరిమితి పదివేలో అంతకంటే ఎక్కువో ఉంటుంది. పాత రుసుములు, మిగిలిన చిల్లర కలిపి ఒకేసారి లాగడానికే అంత పెట్టేది. మా వాడు 16న 450 కట్టకపోయి ఉంటే, తర్వాతి నెల ఐదున 2,999 కాకుండా 3,449 అడిగేవాళ్లు. వాడు 3,000 ఉంచుకుని ధీమాగా పడుకునేవాడు. మళ్లీ బౌన్స్.

"అయితే మ్యాండేట్ రద్దు చేసేస్తా" అన్నవాళ్లున్నారు. రద్దు చేసుకోవచ్చు, మీ హక్కే. కానీ మ్యాండేట్ పోతే లాగే దారి పోతుంది, అప్పు పోదు. ప్రతి నెలా తేదీకి ముందు మీరే యాప్‌లో కట్టాలి, లేకపోతే ఆలస్య రుసుము అలాగే పడుతుంది.

ఫోన్లు, బెదిరింపులు

రెండు రోజులు ఆలస్యమైతే ఫోన్లు మొదలవుతాయి. వసూలు ఏజెంట్లు పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది. మీ ఫోన్లో ఉన్న బంధువులకీ, ప్లాంటు సూపర్‌వైజరుకీ చేసి పరువు తీయకూడదు. చేస్తే కాల్ సమయం, నంబరు రాసుకోండి.

"నాచ్ బౌన్స్ అంటే క్రిమినల్ కేసు, పోలీసులొస్తారు" అంటారు. 2007 నాటి చెల్లింపుల చట్టంలో 25వ సెక్షను ఉన్నమాట నిజమే. డబ్బు చాలక బౌన్స్ అయితే అది వర్తిస్తుంది. కానీ ముందు ఆ సంస్థ మీకు 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజుల్లో మీరు కట్టకపోతేనే కేసుకి దారి. నోటీసు నిజంగా వస్తే పక్కన పడేయకుండా ఆ 15 రోజుల్లో కట్టి రసీదు దాచండి. ఫోన్లో అరిచే మాట నోటీసు కాదు.

సంస్థతో తేలకపోతే ముందు వాళ్ల ఫిర్యాదు అధికారికి మెయిల్ పెట్టాలి. ఆ వివరాలు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయని పైన చెప్పాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. దారి తెలియకపోతే 14448కి ఫోను చేయండి. నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళ్తే మాత్రం తిప్పి పంపుతారు. మొదటి మెయిల్ నకలు ఉండి తీరాలి. యాప్ పేరు మీద కాకుండా ఎన్‌బీఎఫ్‌సీ పేరు మీద పెట్టండి. ఎన్‌బీఎఫ్‌సీ పేరే ఎక్కడా దొరకని యాప్ అయితే అది దొంగ యాప్ కావచ్చు, అప్పుడు ఫోను చేయాల్సింది సైబర్ మోసాల నంబరు 1930కి.

మా వాడి ఆరో వాయిదా ఫిబ్రవరిలో సరిగ్గా కట్ అయింది. అప్పు పూర్తయినట్టు ధ్రువపత్రం యాప్‌లోంచి దింపించి, వాడి మెయిల్‌కూ నా మెయిల్‌కూ పంపించాను. రిపోర్టులో ఆ అప్పు `Closed` అయిందని చూశాకే బండి లోను కాగితాలు పెట్టమన్నాను. సంక్రాంతికి అనుకున్న బండి ఉగాదికి వచ్చింది. దాని వాయిదా తేదీ మాత్రం పదో తారీఖు పెట్టించుకున్నాడు.